201వ యూనిట్ ఖరీదెంత?

హైదరాబాద్‌లో ఒక ఇల్లు, విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. నెల తిరిగేసరికి రెండిళ్లలోనూ మీటరు సరిగ్గా 200 యూనిట్లు చూపించింది. 2022-23 టారిఫ్ ఉత్తర్వుల రేట్లతో లెక్కేస్తే హైదరాబాద్ ఇంటికి కరెంటు ఛార్జీ 820 రూపాయలు, విజయవాడ ఇంటికి 867 రూపాయలు. ఇప్పుడు రెండిళ్లలోనూ ఎవరో గీజరు ఆపడం మరిచిపోయారు. ఇంకొక్క యూనిట్ కాలింది. విజయవాడ లెక్క 873 అయింది, అంటే ఆరు రూపాయలు పెరిగింది. హైదరాబాద్ లెక్క 1,027 రూపాయల 70 పైసలకు చేరింది. ఆ ఒక్క యూనిట్‌కి 207 రూపాయల 70 పైసలు పడ్డాయి!

ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, విద్యుత్ సుంకం వంటివి ఇందులో కలపలేదు. అవి పక్కన పెట్టినా రెండు ఊళ్ల మధ్య ఇంత తేడా ఉంది. 200 యూనిట్ల దగ్గర హైదరాబాద్ ఇంటికి 47 రూపాయలు తక్కువ పడింది. 201 దగ్గర అదే ఇంటికి 154 రూపాయల 70 పైసలు ఎక్కువ పడింది. ఈ తేడాకి రేట్లు ఒక కారణం. కానీ ఒక్క యూనిట్‌కే బిల్లు అంత ఎగబాకడానికి రేట్లు కారణం కాదు. శ్లాబులను ఏ పద్ధతిలో లెక్కకట్టారన్నదే కారణం.

ఆంధ్రప్రదేశ్ రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, అక్కడి నుంచి 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75. మీరు 201 యూనిట్లు వాడినా, 800 వాడినా మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పునే పడుతుంది. పై శ్లాబులోకి వెళ్లినంత మాత్రాన కింది శ్లాబు రేటు మారదు. విద్యుత్ శాఖలో దీన్ని టెలిస్కోపిక్ విధానం అంటారు. 2022 ఏప్రిల్‌కి ముందు అక్కడా వాడకాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ గ్రూపులుగా విడగొట్టేవారు. ఆ గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టారు.

తెలంగాణలో లెక్క రెండంచెల్లో నడుస్తుంది. ముందు మీ మొత్తం వాడకం చూసి మీరు ఏ వర్గంలోకి వస్తారో తేలుస్తారు. 100 యూనిట్ల లోపు వాళ్లు ఒక వర్గం, 200 లోపు వాళ్లు ఇంకో వర్గం, 200 దాటినవాళ్లు మూడో వర్గం. ఒక్కో వర్గానికీ సొంత శ్లాబులున్నాయి. 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. మొత్తం 820. 201కి వెళ్తే ఆ పట్టికే చెల్లదు. మూడో వర్గం పట్టికలో మొదటి 200 యూనిట్లకీ ఒకటే రేటు, రూ.5.10. అంటే ఆ 200 యూనిట్లకే 1,020 రూపాయలు. 201వ యూనిట్‌కి రూ.7.70. ఒక్క యూనిట్ వల్ల, అప్పటికే వాడేసిన 200 యూనిట్ల ధర వెనక్కి వెళ్లి 200 రూపాయలు పెరిగింది.

రెండు లెక్కల మధ్య అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. ఒక హద్దు దాటినప్పుడు కొత్త రేటు దాటిన భాగానికేనా, మొదటి నుంచి మొత్తానికీనా?

ఈ ప్రశ్న కరెంటు బిల్లుతో ఆగడం లేదు. మెసేజ్‌లు పంపే సర్వీసులు, క్లౌడ్ స్టోరేజీ, మ్యాపులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకదానికొకటి అమ్ముకునే ఏపీఐలు, అన్నీ ఇప్పుడు వాడినంతకు బిల్లు అనే పద్ధతిలోనే నడుస్తున్నాయి. అక్కడ కూడా శ్లాబులున్నాయి. కాకపోతే దిశ తలకిందులు. కరెంటు ఎక్కువ వాడితే రేటు పెరుగుతుంది. ఇక్కడ ఎక్కువ వాడితే రేటు తగ్గుతుంది. హద్దు దాటిన భాగానికే కొత్త రేటు వేస్తే దాన్ని గ్రాడ్యుయేటెడ్ అంటారు. మొత్తానికీ వేస్తే వాల్యూమ్ అంటారు. సులువుగా మెట్ల లెక్క, మొత్తం లెక్క అనుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్. పిల్లల హాజరు, మార్కులు, ఫీజు గడువు అన్నీ తల్లిదండ్రులకు మెసేజ్‌ల ద్వారానే వెళ్తాయి. హైదరాబాద్‌లోని ఒక సర్వీసుతో ఒప్పందం చేసుకున్నారు. రేటు కార్డులో మూడే వరుసలు. 10,000 వరకు మెసేజ్‌కి 25 పైసలు. 10,001 నుంచి 50,000 వరకు 20 పైసలు. 50,001 నుంచి ఆ పైన 15 పైసలు. జీఎస్టీ అదనం, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

జూన్‌లో అడ్మిషన్ల హడావుడిలో 52,000 మెసేజ్‌లు వెళ్లాయి. మేనేజరు కాలిక్యులేటర్ తీసి 52,000ని 15 పైసలతో గుణించుకుని 7,800 రూపాయలు పక్కన పెట్టాడు. ఇన్‌వాయిస్ 10,800 రూపాయలకు వచ్చింది. వెంటనే ఫోన్ చేశాడు.

“మేడమ్, మీరిచ్చిన రేటు కార్డు నా ముందే ఉంది. యాభై వేలు దాటితే పదిహేను పైసలని రాశారు. మాది యాభై రెండు వేలు.”

“అవును సర్. కానీ యాభై వేల పైన వెళ్లిన ఆ రెండు వేలకే పదిహేను పైసలండి. ముందు వాటికి ముందు రేట్లే.”

“అలాగని ఇందులో ఎక్కడుందండీ?”

లేదు. ఆ కార్డు మీద నిజంగానే ఎక్కడా లేదు. అలాగని మొత్తానికీ 15 పైసలని కూడా రాయలేదు. ఒకే కార్డును ఇద్దరూ నిజాయితీగానే చదివారు, రెండు అర్థాలు తీసుకున్నారు. అకౌంట్స్ అమ్మాయి లెక్కలో మొదటి 10,000కి 2,500 రూపాయలు, తర్వాతి 40,000కి 8,000, చివరి 2,000కి 300. మొత్తం 10,800. మేనేజరు లెక్కలో 52,000 మెసేజ్‌లూ ఒకే రేటు మీద 7,800. మూడు వేల రూపాయల తేడా. రెండు కూడికల్లోనూ తప్పు లేదు.

ఈ మూడు వేలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే తర్వాత చాలా పనికొస్తుంది. మొదటి 10,000 మెసేజ్‌ల మీద మెసేజ్‌కి 10 పైసల తేడా, అది 1,000 రూపాయలు. తర్వాతి 40,000 మీద 5 పైసల తేడా, అది 2,000. యాభై వేలు దాటాక మెసేజ్‌లకు రెండు లెక్కల్లోనూ 15 పైసలే కాబట్టి వాటి మీద తేడా ఏమీ లేదు. అందుకే 52,000 పంపినా, 60,000 పంపినా తేడా అదే మూడు వేలు. 60,000కి మెట్ల లెక్కలో 12,000 రూపాయలు, మొత్తం లెక్కలో 9,000. వాడకం మధ్య శ్లాబులో ఆగిపోతే తేడా 500 దగ్గరే ఉంటుంది. 30,000 మెసేజ్‌లకు 6,500, 6,000. ఇక మొదటి శ్లాబులో తేడానే ఉండదు. 8,000 పంపితే ఎటు చూసినా 2,000 రూపాయలే.

కాబట్టి మన లెక్కకీ ఇన్‌వాయిస్‌కీ మధ్య నెల నెలా అచ్చంగా ఒకే మొత్తం తేడా వస్తోందంటే, వాడకం మారినా ఆ తేడా కదలడం లేదంటే, మీటరును అనుమానించనక్కరలేదు. మెసేజ్‌ల లెక్కింపులో పొరపాటు ఉంటే తేడా కూడా నెలనెలా మారుతూ ఉండేది. కదలని తేడా వస్తోందంటే ఒకరు మెట్ల లెక్క వేస్తున్నారు, ఇంకొకరు మొత్తం లెక్క వేస్తున్నారని అర్థం.

ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. ఇన్‌వాయిస్ మొత్తాన్ని వాడకంతో భాగించి చూడండి. 7,800ని 52,000తో భాగిస్తే సరిగ్గా 15 పైసలు వస్తుంది, ఆ అంకె రేటు కార్డులో ఉంది. 10,800ని భాగిస్తే దాదాపు 20.77 పైసలు. కార్డులో అలాంటి రేటే లేదు, అది మూడు రేట్ల సగటు. వాడకం చేరిన శ్లాబు రేటే వస్తే మొత్తం లెక్క, వేరే రేటు వస్తే మెట్ల లెక్క. ఇన్‌వాయిస్‌లో వరుసలు చూసినా తెలిసిపోతుంది. మెట్ల లెక్కలో సాధారణంగా ఒక్కో శ్లాబుకు ఒక్కో వరుస వస్తుంది. మొత్తం లెక్కకు ఒక్క వరుస చాలు. శ్లాబులు లేకుండా మొత్తం అంకె మాత్రమే వేసి పంపిన ఇన్‌వాయిస్ వస్తే వివరంగా పంపమని అడగడం మంచిది.

సర్వీసు కంపెనీ వైపు నుంచి చూస్తే ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్నది ఒకే ఒక్క పదం. ఇన్‌వాయిస్‌లు తయారుచేయడానికి చాలా కంపెనీలు వాడే స్ట్రైప్‌లో ఈ రేటు కార్డును ఎక్కించాలంటే ఇలా ఉంటుంది. భారత కరెన్సీలో అంకెలను పైసల్లో ఇవ్వాలి:

```
currency=inr
billing_scheme=tiered
tiers_mode=graduated
tiers[0][up_to]=10000
tiers[0][unit_amount]=25
tiers[1][up_to]=50000
tiers[1][unit_amount]=20
tiers[2][up_to]=inf
tiers[2][unit_amount]=15
```

మూడో వరుసలో `graduated` తీసి `volume` అని పెడితే చాలు, కింద ఒక్క అంకె కూడా మార్చకుండానే కోచింగ్ సెంటర్ బిల్లు 10,800 నుంచి 7,800కి దిగిపోతుంది. శ్లాబులు అవే, రేట్లు అవే. తెర మీద ధరల పట్టిక చూసినవాళ్లకు అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

ఇలాంటి పొరపాటు ఎందుకు దాక్కుంటుందో కూడా చెప్పుకోవాలి. కొత్త ధర పెట్టాక ఎవరైనా పరీక్షిస్తారు. వంద మెసేజ్‌లతో ఒకసారి, వెయ్యితో ఒకసారి బిల్లు వేసి చూస్తారు. రెండూ మొదటి శ్లాబులోనే ఉంటాయి. అక్కడ `graduated` పెట్టినా `volume` పెట్టినా జవాబు ఒకటే. పరీక్ష నెగ్గుతుంది, ధర అమల్లోకి వస్తుంది, చిన్న కస్టమర్ల బిల్లులు నెలల తరబడి సరిగ్గానే వెళ్తాయి. ఎవరో పెద్ద కస్టమర్ మొదటిసారి హద్దు దాటిన నెలలో గానీ సంగతి బయటపడదు. కాబట్టి పరీక్ష 10,000 దగ్గర, 10,001 దగ్గర, 50,000 దగ్గర, 50,001 దగ్గర చెయ్యాలి. హద్దు అంకె ఏ శ్లాబులోకి వస్తుందన్నది కూడా అక్కడే తేలుతుంది. స్ట్రైప్‌లో `up_to` అంకె కూడా ఆ శ్లాబులోనే ఉంటుంది. అంటే పదివేలవ మెసేజ్‌కి 25 పైసలే. కొన్ని రేటు కార్డుల మీద 0-100, 100-200 అని రాస్తారు. అలాంటి కార్డులో వంద ఏ శ్లాబుదో ఎవరూ చెప్పలేరు.

ఇంతవరకు చదివితే కస్టమర్‌కి మొత్తం లెక్కే మేలు కదా అనిపిస్తుంది. రేటు తగ్గుతూ పోయే చోట ఏ నెలలోనైనా దాని బిల్లు మెట్ల లెక్కను మించదు, అది నిజమే. అయితే దానిలో ఒక విచిత్రం ఉంది. 50,000 మెసేజ్‌లకు 20 పైసల చొప్పున 10,000 రూపాయలు. ఇంకొక్క మెసేజ్ పంపితే 50,001కి 15 పైసల చొప్పున 7,500 రూపాయల 15 పైసలు. ఒక్క మెసేజ్ ఎక్కువ పంపినందుకు బిల్లు రెండున్నర వేలు తగ్గింది. కరెంటు బిల్లులో 201వ యూనిట్ మీద పడిన దెబ్బకి ఇది అద్దంలో ప్రతిబింబం.

కాస్త వెనక్కి లెక్కేస్తే, 37,501 నుంచి 50,000 వరకు ఎన్ని మెసేజ్‌లు పంపినా బిల్లు 50,001 మెసేజ్‌ల బిల్లు కంటే ఎక్కువే. 45,000 పంపినవాళ్లు 9,000 కడతారు. వాళ్లే ఇంకో 5,001 అనవసరపు మెసేజ్‌లు పంపితే 7,500 రూపాయల 15 పైసలు కట్టి బయటపడతారు. నెలాఖరున లెక్కలు తెలిసిన కస్టమర్ అదే చేస్తాడు. తల్లిదండ్రుల ఫోన్లలో అర్థం లేని శుభాకాంక్షలు వచ్చి పడతాయి. సర్వీసు కంపెనీకి పని పెరిగి రాబడి తగ్గుతుంది. కస్టమర్‌ది మోసమేమీ కాదు, రేటు కార్డు ఇచ్చిన వెసులుబాటే.

దీనికన్నా ఇబ్బంది పెట్టేది క్రెడిట్ నోట్. కోచింగ్ సెంటర్‌కి మొత్తం లెక్కే ఒప్పుకుని 7,800కి ఇన్‌వాయిస్ ఇచ్చారనుకుందాం. తర్వాత చూసుకుంటే 2,500 మెసేజ్‌లు అసలు చేరనే లేదు. చేరనివాటికి డబ్బు వద్దని కంపెనీ వాటిని లెక్కలోంచి తీసేసింది. మిగిలినవి 49,500. అవి 50,000 లోపు కాబట్టి రేటు 20 పైసలు. కొత్త బిల్లు 9,900 రూపాయలు. కస్టమర్‌కి ఉపకారం చేయబోతే బిల్లు 2,100 పెరిగింది. సాఫ్ట్‌వేర్ తనకు చెప్పిన లెక్కే వేసింది. కానీ ఆ ఇన్‌వాయిస్‌ను ఏ కస్టమర్ ముందూ పెట్టలేరు. ఇదే మెట్ల లెక్కలో అయితే 10,800 నుంచి 10,400కి తగ్గేది. తీసేసిన మెసేజ్‌లలో 2,000 పై శ్లాబువి, 500 దాని కిందివి, అంతే.

ఈ రెండిటి స్వభావం తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. మెట్ల లెక్కలో ఒకసారి పడిన రూపాయి కదలదు. నెల మొదటి రోజున పంపిన మెసేజ్‌కి 25 పైసలు పడ్డాయంటే నెలాఖరుకి కూడా 25 పైసలే. మొత్తం లెక్కలో మొదటి రోజు మెసేజ్ ధర నెలాఖరుకి గానీ తేలదు. పదివేల దగ్గర ఒకసారి, యాభై వేల దగ్గర ఒకసారి అది వెనక్కి వెళ్లి మారుతుంది. నెల మధ్యలో ఇప్పటిదాకా అయిన ఖర్చు చూపించే తెర మీద 24వ తేదీన 9,900 ఉండి, 25న 7,600కి దిగితే, చూసినవాళ్లు సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. ముందే డబ్బు వేసుకుని వాడుకునే ప్రీపెయిడ్ ఖాతాల్లో ఈ పద్ధతి సరిగ్గా కుదరదు కూడా. మెసేజ్ వెళ్లగానే ఖాతాలోంచి ఎంత తీయాలో అప్పటికప్పుడు తెలియాలి కదా.

మరి మొత్తం లెక్కను ఇంకా ఎందుకు పెట్టుకుంటారు? చెప్పడానికి సులువు, అదొక్కటే పెద్ద కారణం. “నెలకు యాభై వేలు దాటించండి, మీకు మెసేజ్ పదిహేను పైసలే” అని సేల్స్‌వాళ్లు ఒక్క ముక్కలో చెప్పగలరు. కస్టమర్ తన బిల్లును ఒక్క గుణకారంతో సరిచూసుకోగలడు. మెట్ల లెక్కలో ఆ సౌకర్యం లేదు. పైగా మెట్ల లెక్క అమ్మేవాళ్లు కూడా మాటల్లో దాన్ని వాల్యూమ్ డిస్కౌంట్ అనే అంటారు. ఎక్కువ కొంటే తక్కువ ధర అన్న పాత అర్థంలో ఆ మాట సరైనదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ అంటే వేరే అర్థం. సేల్స్‌వాళ్ల మాట నమ్మి కస్టమర్ ఒక లెక్క, ఇంజినీర్ పెట్టిన సెట్టింగ్ చూసి సాఫ్ట్‌వేర్ ఇంకో లెక్క వేసుకోవడానికి సగం కారణం ఈ ఒక్క మాటే.

హద్దు దగ్గర బిల్లు ఎగరకుండా, పడిపోకుండా సర్దే ఉపాయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. విమానాల్లో సరుకు పంపేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎయిర్ కార్గో రేట్లు మొత్తం లెక్క మీదే నడుస్తాయి. 45 కిలోలకు ఒక రేటు, 100 కిలోలు దాటితే ఇంకా తక్కువ రేటు, అదీ మొత్తం బరువుకి. 45 కిలోల పైన కిలో 120 రూపాయలు, 100 కిలోల పైన 95 అనుకుంటే, 85 కిలోల సరుకుకు 10,200 అవుతుంది. 100 కిలోలున్నట్టే లెక్కేస్తే 9,500. అలాంటప్పుడు ఎయిర్‌వే బిల్లులో ఛార్జీ వేసే బరువును 100 కిలోలుగా చూపించి 9,500 తీసుకోవడం ఆ రంగంలో మామూలు పద్ధతి. బరువు కోసం ఎవరూ పెట్టెలో రాళ్లు నింపనక్కరలేదు. మెసేజ్‌ల కంపెనీ కూడా ఒప్పందంలో ఇదే మాట రాసుకోవచ్చు. ఏ నెల బిల్లయినా పై శ్లాబు మొదటి బిల్లును మించకూడదని రాస్తే, 45,000 పంపినవాళ్లకీ, క్రెడిట్ నోట్ తర్వాత 49,500 మిగిలినవాళ్లకీ 7,500 రూపాయల 15 పైసలే పడుతుంది. శుభాకాంక్షల మెసేజ్‌లు పంపించే అవసరమూ రాదు.

రేటు పెరిగే వైపు ఇలాంటి సర్దుబాటు ఆదాయపు పన్నులో ఉంది. పన్ను శ్లాబులు మెట్ల లెక్కే. పై శ్లాబులోకి వెళ్తే మొత్తం జీతం మీద ఎక్కువ పన్ను పడుతుందన్న భయం చాలామందిలో ఉంది కానీ అది నిజం కాదు. అయితే రిబేటు దగ్గర మాత్రం నిజంగానే ఒక హద్దు ఉంది. 2025-26 కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 12 లక్షల వరకు ఉంటే కట్టాల్సింది సున్నా. 12,10,000 అయితే శ్లాబుల ప్రకారం 61,500 పడాలి. పదివేల ఆదాయం పెరిగినందుకు అరవై ఒక్క వేల పైచిలుకు పన్ను వేయడం అన్యాయం కాబట్టి, పన్ను ఆ పెరిగిన పదివేలను మించకూడదని మార్జినల్ రిలీఫ్ పెట్టారు. సెస్సు కాకుండా కట్టాల్సింది 10,000. హైదరాబాద్ ఇంటి కరెంటు బిల్లులో 201 దగ్గర అలాంటి ఊరట లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు పొందే ఇళ్లకు ఆ హద్దు ఇంకా నిటారుగా ఉంటుంది. అందుకే నెల చివరి వారంలో మీటరు దగ్గరికి వెళ్లి అంకె చూసుకోవడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది.

ఇంకో సంగతి. ఎవరి వాడకాన్ని ఎవరితో కలిపి లెక్కేస్తారన్నది రేటు అంత ముఖ్యం. కోచింగ్ సెంటర్‌కి రెండు బ్రాంచీలుండి, ఒక్కోదాని మీద వేర్వేరు ఖాతాలో 26,000 చొప్పున పంపారనుకోండి. మెట్ల లెక్కలో ఒక్కో ఖాతాకి 5,700, రెండిటికీ 11,400. ఒకే ఖాతా అయితే 10,800 సరిపోయేది. మొత్తం లెక్కలో ఒక్కోదానికి 5,200 చొప్పున 10,400. కలిపితే 7,800. విడిపోయినందుకు అయిన నష్టం మెట్ల లెక్కలో ఆరు వందలైతే, మొత్తం లెక్కలో రెండు వేల ఆరు వందలు. కరెంటు దగ్గర ఇది తిరగబడుతుంది. రేటు పెరుగుతూ పోతుంది కాబట్టి అక్కడ విడిపోతేనే లాభం. పై అంతస్తుకు వేరే మీటరు కావాలని అడిగేవాళ్లకు ఆ లెక్క తెలుసు.

పెద్ద క్లౌడ్ కంపెనీల ధరల పేజీలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటాయి. అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ఎస్3 సర్వీసు స్టాండర్డ్ రకం రేట్లు అమెరికాలోని ఉత్తర వర్జీనియా కేంద్రానికి ఇలా ఉన్నాయి. `First 50 TB / Month` కి జీబీ 0.023 డాలర్లు, `Next 450 TB / Month` కి 0.022, `Over 500 TB / Month` కి 0.021. 60 టీబీ దాచుకుంటే, టీబీకి 1,024 జీబీ చొప్పున, మొదటి 50కి 1,177.60 డాలర్లు, తర్వాతి పదికి 225.28. మొత్తం 1,402.88. మొత్తం లెక్క వేస్తే 1,351.68 వచ్చేది. 51 డాలర్ల 20 సెంట్ల తేడా గురించి అక్కడ ఎవరూ ఫోన్ చేసి అడగరు. `Next` అన్న ఒక్క మాట జవాబు చెప్పేసింది. మొదటి యాభై దాని రేటుకే ఉంటుంది, తర్వాతి భాగానికే తర్వాతి రేటు. ఒకే సంస్థ కింద ఉన్న పలు ఖాతాల వాడకాన్ని కలిపి శ్లాబులు లెక్కించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది.

మన రేటు కార్డులకు ఆ మాటే కావాలి. “10,001 నుంచి 50,000 వరకు” అని రాస్తే రెండు అర్థాలు వస్తాయి. “తర్వాతి 40,000 మెసేజ్‌లకు” అని రాస్తే ఒకటే అర్థం. మొత్తం లెక్క అయితే “నెల మొత్తం మెసేజ్‌లు 50,000 దాటితే అన్నిటికీ” అని రాయాలి. అన్నిటికీ అన్న మాట లేకుండా దాన్ని అమ్మకూడదు. దాని పక్కనే ఏ నెల లెక్క, ఏ ఖాతాల లెక్క అన్నది కూడా ఉండాలి.

కోచింగ్ సెంటర్ మేనేజరు మూడు వేల రూపాయల తేడా మీద సగం సగం రాజీకి ఒప్పుకున్నాడనుకుందాం. అక్కడితో ఆగకుండా కొత్త ఒప్పందం చివర నాలుగు వరుసల పట్టిక పెట్టించాడు. ఒక వైపు మెసేజ్‌లు, ఇంకో వైపు కట్టాల్సిన మొత్తం: 10,000కి 2,500. 10,001కి 2,500 రూపాయల 20 పైసలు. 50,000కి 10,500. 52,000కి 10,800. రేట్లు తనకు అంతగా నచ్చకపోయినా సంతకం పెట్టాడు. జూలైలో 54,300 మెసేజ్‌లు వెళ్లాయి. ఈసారి 10,800కి 2,300 మెసేజ్‌ల 15 పైసలు కలిపి, ఇన్‌వాయిస్ రాకముందే 11,145 రూపాయలు పక్కన పెట్టుకున్నాడు.